నాటకాల పండుగకు స్పాన్సర్ల వాటా 60 శాతం: ప్యాకేజీ ధర ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మేం నల్లకుంటలో ఉంటాం. పది మంది స్నేహితులం కలిసి ఒక చిన్న సొసైటీ రిజిస్టరు చేయించుకున్నాం. ఏటా సంక్రాంతి తర్వాత బాగ్‌లింగంపల్లిలో హాలు తీసుకుని రెండు రోజులు పిల్లల నాటకాలు వేయిస్తాం. మొత్తం ఆరు ప్రదర్శనలు. కోశాధికారిని నేనే. ఖర్చులో 60 శాతం స్పాన్సర్ల నుంచి రావాలని, మిగతాది టికెట్లు, సభ్యుల చందాలతో సర్దుకోవాలని కమిటీ తీర్మానం. కిందటి ఏడాది ప్లాటినం 3 లక్షలు, గోల్డ్ లక్షన్నర, సిల్వర్ 60 వేలు అని పెట్టాం. ఒక ప్లాటినం, రెండు గోల్డ్, రెండు సిల్వర్ వస్తే కాగితం మీద 7.2 లక్షలు. 40 మందిని అడిగితే నలుగురు ఒప్పుకున్నారు: ఒక గోల్డ్, మూడు సిల్వర్. చేతికి వచ్చింది 3.3 లక్షలు. ఇంకో కోచింగ్ సంస్థ సిల్వర్ ఇస్తామంటే లోగో కూడా వేశాం, డబ్బు రాలేదు. చివర్లో లైట్లు, సౌండు వాళ్లకు ఇవ్వడానికి 1,40,000 నా చేతి నుంచి పెట్టాను. అది మా అమ్మాయి ఫీజు కోసం దాచిన డబ్బు. మావారు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ముభావంగా ఉంటారు. ఈ ఏడాది అంచనా 12 లక్షలు. మా అధ్యక్షులు పెద్దాయన, ప్లాటినం 5 లక్షలు చేద్దాం అంటున్నారు. కుర్రాళ్లు ధరలన్నీ సగానికి తగ్గిద్దాం అంటున్నారు. నాలుగు నెలలే ఉంది. నిద్ర పట్టడం లేదు. ఈ బాధ్యత వదిలేయనా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన ఖర్చుల పట్టీ రెండుసార్లు చదివాను. వదిలేయాలా వద్దా అన్నది చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆ పట్టీలో మీ టెన్షన్‌కి కారణమైన ఒక విషయం ఉంది. మీ పెద్దాయన గానీ కుర్రాళ్లు గానీ దాని గురించి మాట్లాడటం లేదు.

60 శాతం అంటే దేనిలో 60 శాతం?

మీ 12 లక్షల పట్టీలో 'ప్రచారం', 'ఇతరాలు' అన్న పద్దుల కింద ఉన్నవాటిని విడదీసి చూశాను. గేటు దగ్గర స్పాన్సర్ ఆర్చి, వాళ్ల స్టాండీలు, స్టాల్‌కి బల్లలు, కరెంటు, సావనీర్‌లో వాళ్ల పేజీ, శాలువా, మెమెంటో, వాళ్ల అతిథులకు భోజనం. ఇవన్నీ కలిపితే సుమారు లక్ష రూపాయలు. స్పాన్సరే లేకపోతే ఈ లక్ష ఖర్చే లేదు. నాటకానికయ్యే అసలు ఖర్చు 11 లక్షలు.

ఇప్పుడు రెండు రకాలుగా లెక్క వేయొచ్చు. మొత్తం 12 లక్షల్లో 60 శాతం అంటే 7.2 లక్షలు. అలా కాకుండా స్పాన్సర్లు ముందు తమ మీద అయ్యే లక్ష తామే భరించి, ఆపైన నాటకం ఖర్చులో 60 శాతం, అంటే 6.6 లక్షలు ఇవ్వాలి అనుకుంటే 7.6 లక్షలు కావాలి. తేడా 40 వేలు. మొదటి లెక్కలో ఆ 40 వేలు టికెట్ కొన్న తల్లిదండ్రుల మీద, చందా ఇచ్చిన సభ్యుల మీద పడుతుంది. అంటే స్పాన్సర్ అతిథుల భోజనంలో కొంత భాగానికి వాళ్లు డబ్బు కడుతున్నట్టు. నాకు రెండో లెక్కే న్యాయంగా కనిపిస్తుంది. కమిటీ మొదటిదే కావాలంటే కావచ్చు, కానీ ఏదన్నది తీర్మానంలో రాసి ఉండాలి. మీ తీర్మానంలో 'ఖర్చులో 60 శాతం' అని మాత్రమే ఉంది. ఏడాది చివర్లో గొడవలకు ఆ ఒక్క మాట చాలు.

రెండో లెక్క తీసుకుంటే మీరు వెంటపడాల్సిన సంఖ్య ఒక్కటే: స్పాన్సర్ల ఖర్చు పోగా 6.6 లక్షలు మిగలాలి. అందుకని ప్రతి ప్యాకేజీకి రెండు అంకెలు రాసుకోండి, ధర ఎంత, అది నెరవేర్చడానికి మనకయ్యేది ఎంత. ప్లాటినం తీసుకోండి. ఆర్చి, స్టాండీలు 12 వేలు. స్టాల్ 8 వేలు. సావనీర్ పేజీ 4 వేలు. శాలువా, మెమెంటో, భోజనాలు 5 వేలు. ఇక్కడ మీరు రాయని ఖర్చు ఒకటుంది. ప్లాటినం వాళ్లకు ఇచ్చే 40 ఉచిత పాసులు. మీ టికెట్ 150 కాబట్టి అది 6 వేల టికెట్ డబ్బు. అన్నీ కలిపితే 35 వేలు. ఇదే పద్ధతిలో మీ గోల్డ్‌కి 15 వేలు, సిల్వర్‌కి 5 వేలు తేలాయి.

ఇక ధరలు. ముందు పెద్దాయన మాట చూద్దాం. మీ హాల్లో ఒక్కో ప్రదర్శనకు 300 మంది వస్తారని రాశారు. ఆరు ప్రదర్శనలకు 1,800 మంది. ప్లాటినం 5 లక్షలు అంటే స్పాన్సర్ ఒక్కో ప్రేక్షకుడికి దాదాపు 278 రూపాయలు ఇస్తున్నట్టు. లోపలికొచ్చే మనిషే 150 ఇస్తుంటే, అతనికి తన బోర్డు కనపడటానికి 278 ఇమ్మంటే ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు? పెద్దాయన మీద గౌరవంతో ఎవరో ఒకరు ఇవ్వొచ్చు. ఆయనకు అలాంటి మనిషి నిజంగా ఉంటే ఇప్పుడే ఉత్తరం తెప్పించమనండి. లేకపోతే ఆ ధర వల్ల జరిగేది ఒక్కటే: మీ 60 శాతంలో చాలా భాగం ఒక్క మనిషి అవుననడం మీద వేలాడుతుంది. కిందటేడు 3 లక్షలకే రాని ప్లాటినాన్ని 5 లక్షలు చేస్తే కాగితం మీద లోటు మాయమవుతుంది, జనవరిలో మళ్లీ బయటపడుతుంది.

కుర్రాళ్ల మాటలో కొంత నిజం ఉంది. మీ ఊరి పిల్లల దంత వైద్యుడో, పుస్తకాల షాపో 60 వేలు ఇవ్వలేకపోవచ్చు. కానీ ధర సగం చేస్తే మనకయ్యే ఖర్చు సగం కాదు. సిల్వర్‌ను 25 వేలు చేశారనుకోండి. మన ఖర్చు 5 వేలు పోగా మిగిలేది 20 వేలు. 6.6 లక్షలు రావాలంటే అలాంటివాళ్లు 33 మంది కావాలి. కిందటేడు 40 మందిని అడిగితే నలుగురు వచ్చారు. 33 మందికి ఎంతమంది గడప తొక్కాలో చూడండి. పైగా వేదిక వెనక 33 లోగోలుంటే ఎవరి లోగో ఎవరికీ కనిపించదు, వాళ్లెవరూ మళ్లీ రారు.

నేనైతే ఇలా మొదలుపెడతాను. ప్లాటినం రెండున్నర లక్షలు, ఒకటి. గోల్డ్ 1.25 లక్షలు, రెండు. సిల్వర్ 50 వేలు, ఐదు. వచ్చేది 7.5 లక్షలు. ఖర్చులు 35 వేలు, 30 వేలు, 25 వేలు, మొత్తం 90 వేలు. మిగిలేది సరిగ్గా 6.6 లక్షలు. ప్లాటినం ఇప్పుడు ప్రేక్షకుడికి 139 రూపాయలు, టికెట్ ధర కంటే తక్కువ. ఆ మాట స్పాన్సర్ ఎదుట కూర్చుని ధైర్యంగా చెప్పొచ్చు. ఆ వచ్చేది కూడా ఏదో జనం కాదు, బళ్లో చదివే పిల్లలున్న తల్లిదండ్రులు.

ఎనిమిది మంది వస్తారా అన్నది అసలు ప్రశ్న. పాత నలుగురిలో ముగ్గురు మళ్లీ ఇస్తారనుకుందాం, కిందటేడు వాళ్లకు ఇస్తామన్నవన్నీ ఇచ్చి ఉంటేనే. ఇంకా ఐదుగురు కావాలి. మీ అనుభవంలో పది మందిలో ఒకరు ఒప్పుకుంటున్నారు కాబట్టి కనీసం 50 కొత్త పేర్లు ఉండాలి. మీరు పంపిన జాబితాలో 28 ఉన్నాయి. ధర ఎంత పెట్టినా ఆ జాబితాతో ఎనిమిది మంది రారు. కుర్రాళ్లకు ఈ పని అప్పజెప్పండి. వనస్థలిపురం, తార్నాక, ఉప్పల్ వైపు మీరు అడగని బళ్లు, పిల్లల ఆసుపత్రులు, బట్టల షాపులు ఎన్నో ఉంటాయి. అడిగే సమయం కూడా చూసుకోండి. దసరా, దీపావళి అయ్యాక నగలు, బట్టల షాపుల వాళ్లు ప్రకటనలకు పెట్టాల్సింది పెట్టేసి ఉంటారు. కాలేజీలు, కోచింగ్ వాళ్లకు మాత్రం సంక్రాంతి తర్వాతే అడ్మిషన్ల హడావిడి పెరుగుతుంది. వాళ్ల దగ్గరికి నవంబర్‌లో వెళ్లినా వింటారు.

అచ్చులో వేసే ధర కొంచెం పైన ఉంచండి, బేరం తప్పదు కాబట్టి. 2.75 లక్షలు, 1.35 లక్షలు, 55 వేలు అని వేస్తే అందరూ పూర్తిగా ఇచ్చినప్పుడు 8.2 లక్షలు అవుతుంది. 70 వేలు బేరానికి వెసులుబాటు. నేను పైన చెప్పిన ధరల కంటే కిందికి దిగాల్సి వస్తే మాత్రం ఊరికే తగ్గించకండి, ఏదో ఒకటి తీసేయండి. గోల్డ్ వాళ్లు లక్షే ఇస్తామంటే స్టాల్ తీసేసి ఇవ్వండి. ఏమీ తీయకుండా లక్షకు ఇస్తే మనకు మిగిలేది 1.10 లక్షల నుంచి 85 వేలకు పడిపోతుంది. ఈ ఊళ్లో ఒకరికి తగ్గించిన సంగతి రెండో గోల్డ్ వాళ్లకు వారంలో తెలిసిపోతుంది కూడా.

డబ్బు ఖర్చు లేదని చాలామంది ఉదారంగా ఇచ్చేసే హామీ ఒకటుంది: 'మీ రంగంలో ఇంకెవరినీ తీసుకోం.' దీని సంగతి నేను ఒకసారి నష్టపోయి తెలుసుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక సంగీత సభకు లెక్కలు చూసేవాడిని. ఒక స్వీట్ల షాపు 30 వేలు ఇస్తే సంతోషంలో ఆ మాట ఇచ్చాం. నెల తర్వాత ఇంకో పెద్ద స్వీట్ల షాపు లక్షకు ముందుకొస్తే చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. మీ జాబితాలో సగం కోచింగ్ సంస్థలే. సిల్వర్‌కి 50 వేలు తీసుకుని ఒక కోచింగ్ సంస్థకు ఆ హామీ ఇస్తే మిగిలిన సగం జాబితా చెల్లిపోయినట్టే. దాన్ని ప్లాటినానికి మాత్రమే ఉంచండి.

పన్ను విషయం క్లుప్తంగా. స్పాన్సర్‌షిప్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. ఎవరు కట్టాలన్నది నిర్వహించేవాళ్ల రూపాన్ని బట్టి, ఇచ్చేవాళ్ల రూపాన్ని బట్టి మారుతుంది. 2025 జనవరి 16 నుంచి కంపెనీ లాంటి సంస్థలు నిర్వహిస్తే వాళ్లే బిల్లులో వేసి కట్టాలి. మిగతావాళ్లు నిర్వహించినప్పుడు, స్పాన్సర్ కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ అయితే, రివర్స్ ఛార్జ్ కింద స్పాన్సరే నేరుగా కడతాడు. ఒక్కరి పేరు మీద నడిచే షాపు అయితే లెక్క వేరు. మీ సొసైటీ ఏ కోవలోకి వస్తుందో ఆడిటర్‌తో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఎందుకంటే ధరల కాగితం మీద 'అన్నీ కలిపి' అని వేసి, తర్వాత కట్టాల్సింది మీరే అని తేలితే 7.5 లక్షల్లో సుమారు 1,14,000 పన్నుకే పోతుంది. మీరు కిందటేడు చేతి నుంచి పెట్టిన డబ్బుకు అది చాలా దగ్గర. 'పన్ను వర్తిస్తే అదనం' అన్న మాట ధర పక్కనే ఉండాలి. ఇక కంపెనీలు మీకిచ్చే దాంట్లో 2 శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తాయి. సొసైటీ పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. 2 శాతం పోయిన డబ్బేమీ కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. కానీ జనవరిలో మీ చేతిలో ఉండదు, అందుకని 15 వేలు అటూ ఇటూగా పక్కన పెట్టుకోండి.

ఒక స్వీట్ల షాపు 80 వేల విలువైన చిరుతిళ్లు ఇస్తానందని రాశారు. మంచిదే, తీసుకోండి. మీ పట్టీలో పిల్లల చిరుతిళ్లకు ఉన్నది 45 వేలు. కాబట్టి మీ లెక్కలో ఆ షాపు ఇచ్చింది 45 వేలే, 80 కాదు. ఆ 45 వేలను ఖర్చులోంచి తీసేయండి, లేదా ఆదాయంలో చూపించండి. రెండు చోట్లా చూపిస్తే లోటు కనపడకుండా పోతుంది. పట్టీలో లేని వస్తువు, ఉదాహరణకు గిఫ్టు సంచులు, ఎవరైనా ఇస్తే ఈ లెక్కలో దాని విలువ సున్నా.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది: ప్లాటినం రాకపోతే? మిగతా ఏడుగురూ వచ్చినా స్పాన్సర్ల నుంచి మిగిలేది 4.45 లక్షలు, నాటకం ఖర్చులో 40 శాతం. 2.15 లక్షలు తక్కువ. అప్పుడు మీ ముందు దారులు రెండే ఉంటాయని ముందే ఒప్పుకుంటే జనవరిలో నిద్ర పడుతుంది.

ఒకటి, ఆ లోటును టికెట్ల మీద వేయడం. 1,800 టికెట్ల మీద 2.15 లక్షలంటే టికెట్‌కు 120. అంటే 150 టికెట్ 270 అవుతుంది. ఇద్దరు పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు 600 కాస్తా 1,080. అప్పుడు 1,800 మంది వస్తారని నేను అనుకోను. వాళ్లు తగ్గితే వచ్చే ఏడాది స్పాన్సర్లకు చెప్పే లెక్క కూడా తగ్గుతుంది.

రెండు, పండుగను కొంచెం చిన్నది చేయడం. బయటి ఊళ్ల నుంచి పిలిచే రెండు బృందాల ప్రయాణం, బస, పారితోషికం మీ పట్టీలో 1.9 లక్షలు. ఆ రెండు ప్రదర్శనలూ ఇక్కడి బళ్ల బృందాలకు ఇచ్చి, సావనీర్‌ను రంగుల్లో కాకుండా నలుపు తెలుపులో అచ్చు వేయిస్తే 25 వేలు తగ్గుతుంది. రెండూ కలిపి 2.15 లక్షలు. ఖర్చు 8.85 లక్షలకు వస్తుంది. స్పాన్సర్ల 4.45, టికెట్ల 2.7, సభ్యుల చందాలు 1.7 కలిపితే సరిగ్గా 8.85. ఇక్కడ స్పాన్సర్ల వాటా 50 శాతమే, తీర్మానం ప్రకారం తప్పినట్టే. అయినా ఒక్క రూపాయి లోటు లేదు. బయటి బృందాలు రాకపోతే పండుగ కళ తగ్గుతుందన్నది నిజం, అది నాకూ బాధే. కమిటీకి ఏది ముఖ్యం, 60 అన్న అంకా, లోటు లేకపోవడమా, ఆ బృందాలా? మూడూ ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాళ్లు ముందే ఎంచుకోవాలి.

దానికి తేదీ ఒకటి కావాలి. బయటి బృందాలకు టికెట్లు బుక్ చేసే ముందు, నవంబర్ 30 అనుకుందాం. ఆ రోజు మీ పుస్తకంలో మూడు వరుసలు చూడండి: నోటి మాట ఇచ్చినవాళ్లు, సంతకం పెట్టిన ఉత్తరం ఇచ్చినవాళ్లు, డబ్బు వేసినవాళ్లు. నోటి మాటను లెక్కలోకి అసలు తీసుకోకండి. ఉత్తరాన్ని సగంగా, డబ్బును పూర్తిగా తీసుకోండి. మొత్తం 5 లక్షలకు తగ్గితే చిన్న పండుగే. ఉత్తరంలోనే సగం సంతకంతో పాటు, మిగతా సగం అచ్చుకు పంపే ముందు అని రాయించండి. డబ్బు రాకుండా ఎవరి లోగో ప్రెస్‌కు వెళ్లకూడదు. కిందటేడు ఆ కోచింగ్ సంస్థ దగ్గర పోయింది మీ మంచితనం వల్ల కాదు, ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల.

ఇక మీ సంగతి. కోశాధికారిగా ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ ఇంటి ఇష్టం. ఇప్పుడే తప్పుకుంటే మీకు ఊపిరి ఆడుతుంది. కానీ ఆ 1,40,000 గురించి అడిగేవాళ్లు కమిటీలో ఉండరు. ఉంటే షరతు మీద ఉండండి: నవంబర్ తేదీ, చిన్న పండుగ పట్టీ, ఇకపై ఎవరూ చేతి నుంచి పెట్టకూడదన్న మాట, మూడూ తీర్మానంలోకి ఎక్కితేనే. ఒప్పుకోకపోతే ఆ రోజే పుస్తకాలు అప్పజెప్పి రావచ్చు, అందులో తప్పేమీ లేదు.

మీరు పెట్టిన డబ్బు మాత్రం రెండు దారుల్లోనూ సొసైటీ పుస్తకాల్లో మీ పేరున అప్పుగా ఎక్కాలి. దాన్ని ఈ ఏడాది స్పాన్సర్ల లెక్కలో కలపకండి. అది పాత ఖర్చు, కొత్త ప్యాకేజీల ధర దానితో పెంచితే మళ్లీ మొదటికొస్తాం. పది మంది సభ్యులు మీతో కలిపి తలా 14 వేలు వేసుకుంటే తీరిపోతుంది. ఒకేసారి కాకపోతే నెలకు 3,500 చొప్పున నాలుగు నెలలు, పండుగ నాటికి అయిపోతుంది. మీ వాటా 14 వేలు పోగా మీ చేతికి 1,26,000 తిరిగి వస్తుంది. ఈ ఆదివారం మీటింగ్‌లో మొదటి అంశంగా ఇదే పెట్టించండి. పెద్దాయన సంతకంతో ఆ తీర్మానం నకలు ఒకటి ఇంటికి తీసుకెళ్లి మీవారికి చూపించండి.